‘ఏమన్నా ఉంటే రండి’ అంటే చాలదు

పన్ను పీకాక పంటి డాక్టరు చివరగా చెప్పే మాట బళ్లారిలోనైనా, హోసూరులోనైనా, బరంపురంలోనైనా, సిరొంచలోనైనా, యానాంలోనైనా దాదాపు ఒక్కటే. ‘‘మాత్రలు వేసుకోండి, ఏమన్నా ఉంటే రండి.’’ చేతిలో మందుల చీటీ పెడతారు. కొన్నిచోట్ల దాంతోపాటు అచ్చువేసిన కాగితం కూడా ఇస్తారు. అందులో చేయాల్సినవి, చేయకూడనివి పది పన్నెండు వరుసలుంటాయి. ఆ వరుసలన్నీ నిజమే. తప్పు వాటిలో లేదు. అసలు కావలసిన సంగతి అందులో ఉండదు. ఆ ‘ఏమన్నా’ అంటే ఏమిటి?

పన్ను తీశాక నొప్పి ఉంటుంది. ఉమ్మిలో ఎరుపు కనిపిస్తుంది. చెంప కాస్త ఉబ్బుతుంది. నోరు బిగుసుకున్నట్టు ఉంటుంది. ఇవి ‘ఏమన్నా’ కిందికి వస్తాయా, రావా? చెప్పినవాళ్లు లేరు గనక ఎవరికి తోచినట్టు వాళ్లు అర్థం చేసుకుంటారు. ఒకాయన మొదటి రాత్రి తలగడ మీద ఎర్రటి మరక చూసి హడలిపోయి, తెల్లారకుండానే ఆటో కట్టించుకుని పట్నం పోతాడు. ఇంకొకాయన అయిదు రాత్రులు నిద్ర లేకుండా దవడ పట్టుకుని కూర్చుంటాడు. ‘‘పన్ను పీకితే నొప్పి ఉండదా మరి’’ అని తనకు తానే సర్దిచెప్పుకుంటాడు. మొదటాయన పోవలసిన పనే లేదు. రెండో ఆయన మూడో రోజే పోవలసింది.

మనలాంటి సరిహద్దు ఊళ్లవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. పంటి క్లినిక్ మన వీధిలో ఉండదు. తాలూకా కేంద్రంలోనో జిల్లా కేంద్రంలోనో ఉంటుంది, ఒక్కోసారి రాష్ట్రం దాటి అవతల ఉంటుంది. సిరొంచవాళ్లు గోదావరి దాటి తెలంగాణకు వస్తారు. యానాంవాళ్లు కాకినాడ పోతారు. ఒకసారి పోయిరావడమంటే ఒక రోజు కూలి, రెండు బస్సులు. కాబట్టి ఇంట్లో ఉండి చూసుకోగలిగింది ఏది, ఫోన్ చేసి అడగాల్సింది ఏది, అర్ధరాత్రయినా బయల్దేరాల్సింది ఏది అన్నది కాగితం మీద తేలిపోవాలి. పంటి డాక్టర్లు ఇచ్చే కాగితానికి రెండో వైపు ఉండాలని, ఆ రెండో వైపు నిండా ‘ఎప్పుడు మళ్లీ పిలవాలి’ అన్నదే ఉండాలని ఈ వ్యాసం కోరుతోంది.

గుంతలో గడ్డే మందు

ముందు ఆ గుంతలో ఏం జరుగుతుందో తెలియాలి. అది తెలిస్తే కాగితం మీది ‘వద్దు’లన్నీ వాటంతటవే అర్థమవుతాయి.

పన్ను ఊడివచ్చిన చోట ఎముకలో గుంత మిగులుతుంది. అందులోకి రక్తం ఊరి, పెరుగు తోడుకున్నట్టు గడ్డకడుతుంది. ఆ రక్తపు గడ్డే అక్కడ కట్టు, అదే మందు. కింద ఉన్న ఎముకనూ నరాలనూ అది కప్పి ఉంచుతుంది. దాన్ని ఆధారం చేసుకునే కొత్త కండ పెరుగుతుంది. పైన చిగురు కప్పుకోవడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది, లోపల ఎముక నిండడానికి నెలలు పడుతుంది. ఈ పనంతా మొదటి రెండు మూడు రోజులు ఆ గడ్డ అక్కడే ఉండడం మీద ఆధారపడి ఉంది.

డాక్టరు దూది కరిచిపట్టమనేది ఆ గడ్డ కట్టడానికే. నిజానికి అది మడతపెట్టిన గాజుగుడ్డ, మనం దూది అనే అంటాం. ముప్పావుగంట కదలకుండా కరిచిపట్టాలి. చాలామంది అయిదు నిమిషాలకొకసారి తీసి ‘ఆగిందా లేదా’ అని చూస్తారు. తీసిన ప్రతిసారీ అప్పుడే కడుతున్న గడ్డ గుడ్డతోపాటు లేచి వస్తుంది. ఉమ్మేయడం, స్ట్రాతో జ్యూసు పీల్చడం, బీడీ దమ్ము లాగడం, గట్టిగా పుక్కిలించడం కూడా అదే పని చేస్తాయి. నోట్లో పీల్పు పుడితే గడ్డ కదులుతుంది. మొదటి 24 గంటలు పుక్కిలింత అసలు వద్దనడానికి కారణం ఇదే. మరుసటి రోజు నుంచి గ్లాసుడు గోరువెచ్చని నీళ్లలో అర చెంచా ఉప్పు కలిపి, నోట్లో పోసుకుని తల అటూ ఇటూ వంచి, నీళ్లు వాటంతటవే జారిపోయేలా వదలాలి. భోజనం చేసిన ప్రతిసారీ ఇలా చేస్తే చాలు.

ఇక్కడ మన ప్రాంతాల సంగతి ఒకటి చెప్పాలి. అచ్చు కాగితం మీద ‘పొగ తాగరాదు’ అని ఉంటుంది. బరంపురం, రాయగడ వైపు గుడాకుతో చిగుళ్లు రుద్దుకునే ఆడవాళ్లు ఎందరో. సిరొంచ వైపు ఖర్రా నములుతారు. అన్నిచోట్లా ఖైనీ, గుట్కా ఉండనే ఉన్నాయి. వీళ్లెవరూ పొగ తాగడం లేదు గనక ఆ వరుస తమకు కాదనుకుంటారు. పొగాకు ఏ రూపంలో ఉన్నా పుండు మానడానికి అడ్డే. రుద్దేవాళ్లయితే వేలితో ఆ గడ్డనే రుద్దేస్తున్నారు. కాబట్టి కాగితం మీద ‘పొగ’ అని కాకుండా బీడీ, చుట్ట, గుట్కా, ఖైనీ, ఖర్రా, గుడాకు అని పేరుపేరునా రాయాలి. కనీసం మూడు రోజులు, వీలైతే వారం. ఆహారం కూడా అంతే. ‘మెత్తని ఆహారం’ అంటే ఎవరికీ ఏమీ తట్టదు. పెరుగన్నం, చల్లారిన రాగిజావ, ఇడ్లీ, పఖాళ అని రాస్తే తెలుస్తుంది. ఉగ్గాని, బజ్జీ వారం పాటు వద్దని రాస్తే ఇంకా బాగా తెలుస్తుంది. బొరుగుల తునకలు గుంతలో ఇరుక్కుంటే తీయడం కష్టం.

ఏది మామూలు?

మళ్లీ ఎప్పుడు పిలవాలో చెప్పాలంటే, ముందు ఏది మామూలో చెప్పాలి. దానికి రోజుల లెక్క కావాలి.

పీకిన రోజు కింది దవడకు మత్తు సూది వేస్తే పెదవి, నాలుక మూడు నాలుగు గంటలు మొద్దుబారి ఉంటాయి. అది దిగేదాకా తినకూడదు. పిల్లలైతే తెలియక పెదవి కొరుక్కుంటారు, కనిపెట్టుకుని ఉండాలి. మత్తు దిగే వేళ నొప్పి మొదలవుతుంది, రక్తం కాస్త ఊరవచ్చు. ఉమ్మి ఒక రోజంతా గులాబి రంగులో ఉంటుంది. బొట్టు రక్తం నోటినిండా ఉమ్మిలో కలిస్తే చాలా పోయినట్టే కనిపిస్తుంది, అంతే. చెంప మీద బయటినుంచి, బట్టలో చుట్టిన ఐసు పావుగంట పెట్టి పావుగంట తీయాలి. పెద్దవాళ్లు వేడి కాపడం పెడతామంటారు. మొదటి రోజు అది వద్దు, వాపు పెరుగుతుంది.

వాపు మరుసటి రోజు పెరుగుతుంది, రెండు మూడు రోజులకు ఎక్కువగా ఉండి ఆ తర్వాత దిగుతుంది. రెండో రోజు వాపు మొదటి రోజుకంటే ఎక్కువగా ఉందని కంగారుపడవలసింది లేదు. నొప్పి మాత్రం రోజురోజుకూ తగ్గుతూ రావాలి. మూడో రోజుకు గుంత మీద తెల్లటి పొర కనిపిస్తుంది. చీము అనుకుని దాన్ని పుల్లతోనో వేలితోనో గీకేవాళ్లున్నారు. చీము కాదు, మానుతున్న పుండు మీద వచ్చే పొర. దాన్ని ముట్టుకోకూడదు.

ఇందులో గుర్తుపెట్టుకోవలసింది ఒకే ఒక్క సూత్రం. నొప్పి ఎంత ఉందన్నది కాదు, ఎటు పోతోందన్నది చూడాలి. నిన్నటికంటే ఈ రోజు తక్కువ ఉంటే దారిలో ఉన్నట్టు. తగ్గిన నొప్పి మళ్లీ పెరిగితే ఫోన్ చేయాలి.

మూడో రోజు రాత్రి

ఒక ఉదాహరణ తీసుకుందాం. సిరుగుప్ప దగ్గరి పల్లెలో యాభయ్యేళ్ల రైతు అనుకోండి. బళ్లారి యాభై కిలోమీటర్ల పైమాటే. గురువారం పదకొండు గంటలకు కింది దవడలో పుచ్చిన పన్ను తీయించుకున్నాడు. వేరు విరిగి కాస్త కష్టంగానే వచ్చింది. సాయంత్రానికి ఇల్లు చేరాడు. శుక్రవారం నొప్పి ఉంది, మాత్రకు లొంగింది. ఆ సాయంత్రమే రెండు బీడీలు కాల్చాడు. శనివారం పగలు ‘తగ్గిపోయింది’ అనుకున్నాడు. రాత్రి పదిగంటలకు మొదలైంది. పన్ను ఉన్న చోట నుంచి చెవిలోకి, కణతలోకి లాగుతూ పోటు. మాత్ర వేస్తే రెండు గంటలు కూడా ఆగలేదు. నోట్లో చెడు వాసన, చెడు రుచి. జ్వరం లేదు, వాపు పెద్దగా లేదు.

ఆదివారం క్లినిక్ లేదు. ఊళ్లో మందుల షాపులో చెబితే చీము పట్టిందేమోనని యాంటిబయాటిక్ మాత్రలు ఇచ్చాడు. అవి వేసుకుంటూ సోమవారం కూడా గడిపాడు. నొప్పి అలాగే ఉంది. ఇంట్లో భార్య ‘‘మూడు దినాలాయె, పోదాం పదయ్యా’’ అంటే మంగళవారం బస్సెక్కాడు. డాక్టరు గుంతలోకి చూశాడు. గడ్డ లేదు, ఖాళీ గుంత, అడుగున ఎముక కనబడుతోంది. ఉప్పునీళ్లతో మెల్లగా కడిగి, లవంగ నూనె వాసన వచ్చే మందు పూసిన పట్టీ గుంతలో పెట్టాడు. పావుగంట పని. మధ్యాహ్నం బస్సులో ఇంటికి వస్తూనే ఆయన నిద్రపోయాడు. మూడు రాత్రుల తర్వాత అదే మొదటి నిద్ర.

దీన్ని డాక్టర్లు డ్రై సాకెట్ అంటారు. గుంతలోని రక్తపు గడ్డ కరిగిపోవడమో ఊడిపోవడమో జరిగి, ఎముక గాలికీ ఆహారానికీ బయటపడుతుంది. మామూలుగా పీకిన పళ్లలో నూటికి ఒకటి నుంచి అయిదు దాకా ఇలా అవుతుంది. కింది జ్ఞానదంతాలు తీసినప్పుడు ఇంకా ఎక్కువ. పొగాకు అలవాటున్నవాళ్లకు, పన్ను కష్టంగా వచ్చినవాళ్లకు, గర్భనిరోధక మాత్రలు వేసుకునే ఆడవాళ్లకు, ఇంతకుముందు ఒకసారి వచ్చినవాళ్లకు అవకాశం హెచ్చు. కాగితం మీది జాగ్రత్తలన్నీ పాటించినా కొందరికి వస్తుంది. అందుకని రోగిని తిట్టవలసిన పనీ లేదు, డాక్టరును అనుమానించవలసిన పనీ లేదు.

దీని గుర్తు తేదీలోనే ఉంది. పీకిన రోజున రాదు. ఒకటి నుంచి మూడు రోజులు గడిచాక, తగ్గుతున్న నొప్పి తిరగబెట్టి వస్తుంది. ఇది చీము పట్టడం కాదు గనక యాంటిబయాటిక్‌తో తగ్గదు. పట్టీ పెడితే తగ్గుతుంది. పట్టీని ఒకటి రెండు రోజులకు మార్చవలసి రావచ్చు. అసలేమీ చేయకపోయినా వారం పది రోజులకు దానంతటది సర్దుకుంటుంది. ప్రాణం మీదికి వచ్చే జబ్బు కాదు. కానీ ఆ వారం పది రోజులూ మనిషి మనిషిగా ఉండడు.

మన రైతు చేతిలో రెండో వైపు ఉన్న కాగితం ఉంటే ఆదివారం పొద్దున్నే ఫోన్ చేసి ఉండేవాడు. ‘‘డాక్టరు గారూ, గురువారం కింది ఎడమ దవడ పన్ను తీయించుకున్నా. నిన్న పగలు తగ్గింది, రాత్రి నుంచి చెవిలోకి లాగుతోంది’’ అంటే, అవతల ‘‘జ్వరముందా? నోరు తెరుచుకుంటోందా? వాపు పెరిగిందా?’’ అని మూడు ప్రశ్నలు. లేవంటే ‘‘చెప్పిన నొప్పి మాత్ర వేళకు వేసుకోండి, రేపు తొమ్మిదింటికి రండి, కడిగి పట్టీ పెడతా’’ అని జవాబు. మందుల షాపు ఖర్చు లేదు, అక్కర్లేని యాంటిబయాటిక్ లేదు, ఒక రాత్రి మిగిలేది.

నొప్పి మాత్రల గురించి ఒక మాట. డాక్టరు రాసిన మాత్ర చాలక షాపులో ఇంకో రకం కొని రెండూ కలిపి వేసుకుంటారు. పేర్లు వేరైనా చాలా నొప్పి మాత్రల్లో పారాసిటమాల్ ఉంటుంది. పెద్దవాళ్లకు అన్నీ కలిపి రోజుకు 4 గ్రాములు, అంటే 500 మిల్లీగ్రాముల మాత్రలు ఎనిమిది మించకూడదు. తాగే అలవాటో కాలేయ జబ్బో ఉంటే అంతకంటే తక్కువే, ఎంతో డాక్టరునే అడగాలి. ఐబుప్రొఫెన్ లాంటివి కడుపులో పుండు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు అడగకుండా వేసుకోకూడదు. ఆస్ప్రిన్ నలిపి చిగురు మీద పెట్టే అలవాటు మరీ చెడ్డది, చిగురు కాలుతుంది, రక్తం ఊరుతుంది. గుండెకో పక్షవాతానికో రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లు ఆ సంగతి పీకకముందే చెప్పాలి. వాటిని సొంతంగా ఆపేయకూడదు.

రక్తం, వాపు

రక్తం విషయంలో కాగితం చెప్పాల్సింది ఒక్క పద్ధతి. నోరు నిండేలా ఎర్రటి రక్తం వస్తుంటే పడుకోవద్దు, నిటారుగా కూర్చోవాలి. నోట్లో పేరుకున్న గడ్డలు మెల్లగా తుడిచి, శుభ్రమైన గుడ్డ తడిపి పిండి, గట్టిగా మడిచి, సరిగ్గా గుంత మీద పెట్టి అరగంట కరిచిపట్టాలి. గుడ్డ లేకపోతే తడిపిన టీ సంచి పెట్టినా పనికొస్తుంది. అరగంట అంటే గడియారం చూసి అరగంట, మధ్యలో తీసి చూడకూడదు. ఆగకపోతే ఇంకోసారి. రెండుసార్లు చేసినా ధార ఆగకపోతే ఫోన్ చేయాలి, క్లినిక్ లేని వేళయితే దగ్గరి ప్రభుత్వాసుపత్రికి పోవాలి. రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లు రెండోసారి దాకా ఆగనక్కర్లేదు, మొదటిసారి ఆగకపోతేనే పిలవాలి.

వాపు విషయంలో మాత్రం తాత్సారం పనికిరాదు. మూడు రోజులు దాటాక వాపు తగ్గకుండా పెరుగుతుంటే, జ్వరం వస్తే, చీము కారితే, రెండు వేళ్లు పట్టేంత కూడా నోరు తెరుచుకోకపోతే అదే రోజు చూపించుకోవాలి. ఇది డ్రై సాకెట్‌లా ఓర్చుకునేది కాదు, ఇన్‌ఫెక్షన్. షుగరున్నవాళ్లకు ఇది తొందరగా ముదురుతుంది.

అన్నిటికంటే ప్రమాదం, అరుదుగానే వస్తుంది గానీ, వాపు గదవ కిందికీ మెడలోకీ దిగడం. నాలుక కింద గట్టిపడి నాలుక పైకి లేచినట్టుంటుంది. ఉమ్మి కూడా మింగలేక చొంగ కారుతుంది. గొంతు మారుతుంది, ఊపిరి కష్టమవుతుంది. ఇందులో ఏ ఒక్కటి కనిపించినా పంటి క్లినిక్ తెరిచేదాకా ఆగకూడదు, ఫోన్లు చేస్తూ కూర్చోకూడదు. 108 పిలిచి పెద్దాసుపత్రికి పోవాలి. బరంపురం వైపువాళ్లకు ఎంకేసీజీ వైద్య కళాశాల, యానాంవాళ్లకు కాకినాడ పెద్దాసుపత్రి, ఇలా ఎవరికి దగ్గరిది వాళ్ల కాగితం మీద ముందే రాసి ఉండాలి. ఊపిరి ఆడనప్పుడు ‘ఎక్కడికి పోదాం’ అని ఆలోచించే వ్యవధి ఉండదు.

ఎవరు చదవాలి?

ఇక భాష సంగతి. మన చేతికి వచ్చే కాగితం ఎక్కువగా ఇంగ్లీషులోనో, లేదా రాష్ట్ర భాషలోనో ఉంటుంది. ‘‘అందరికీ తెలుగులో కావాలి’’ అంటే సరిపోతుందా? సరిహద్దులో బతికేవాళ్లకు తెలుసు, అంత సులువు కాదు. హోసూరులో ఒక ఇల్లు చూడండి. నాయనమ్మకు తెలుగు చదవడం వచ్చు, తమిళం రాదు. తమిళనాడులో 2006లో వచ్చిన చట్టంతో ఒకటో తరగతి నుంచి వరసగా తమిళం తప్పనిసరి అయింది గనక, ఆ తర్వాత బడికి పోయిన మనవడికి తమిళం చదవడం వచ్చు, తెలుగు మాట్లాడడమే గానీ చదవడం రాదు. బళ్లారిలో తెలుగు మాట్లాడుతూ కన్నడంలోనే చదువుకున్న ఇళ్లు ఎన్నో. రాయగడలో ఒడియా సంగతీ అంతే.

కాబట్టి కాగితం రెండు భాషల్లో ఉండాలి, ఒకవైపు తెలుగు, పక్కనే రాష్ట్ర భాష. ఏ భాషలో రాసినా మాట్లాడే వాక్యాల్లోనే రాయాలి. మనవడు తమిళంలో చూసి నాయనమ్మకు తెలుగులో చెప్పగలగాలి. ‘నోటిపరిశుభ్రత పాటించవలెను’ అన్న వాక్యాన్ని ఎవడూ ఎవరికీ చెప్పలేడు. ‘రేపటి నుంచి ఉప్పునీళ్లు పోసుకో’ అంటే చెప్పగలడు. ఇంకొక సంగతి, కాగితం ఇచ్చే వేళ. పన్ను పీకాక, నోట్లో దూదితో, భయంతో ఉన్న మనిషికి చెప్పింది సగం కూడా తలకెక్కదు. పీకకముందే, వెంట వచ్చినవాళ్ల చేతికి ఇచ్చి, రెండో వైపు ఒకసారి చదివి వినిపించాలి.

డాక్టర్లు ఒక మాట అనవచ్చు. ‘‘మేం మూడు భాషల్లో నోటితో చెబుతూనే ఉన్నాం. నంబరిచ్చి పిలవమంటే అర్ధరాత్రి ప్రతి ఉమ్మికీ ఫోన్ మోగుతుంది’’ అని. ఆ కష్టం నిజమే, ఒక్క మనిషి నడిపే క్లినిక్‌లో మరీను. కానీ ఏది మామూలో రాసి ఇవ్వనందువల్లే ఆ ఫోన్లు మోగుతున్నాయి. ఉమ్మిలో గులాబి రంగు ఒక రోజు ఉంటుందని కాగితం చెబితే ఆ ఫోన్ రాదు. మూడో రోజు తిరగబెట్టిన నొప్పికి పొద్దున్న పిలవమని రాసి ఉంటే ఆ ఫోన్ రాత్రి రెండింటికి రాదు. రాత్రివేళ రావలసినవి రెండే, ఆగని రక్తం, మెడకు దిగిన వాపు. రెండోదానికి ఎలాగూ 108 అనే రాసి ఉంటుంది.

ఇదీ ఆ రెండో వైపు

కింద ఇచ్చినది కత్తిరించి దాచుకోవచ్చు. డాక్టర్లు తమ కాగితం వెనక అచ్చువేసుకోవచ్చు. ఖాళీలు మాత్రం చేత్తో నింపాలి.

పన్ను తీసిన తేదీ, వేళ: ………
ఏ పన్ను: ………
కుట్లు వేశారా? విప్పించుకునే తేదీ: ………
ఫోన్ నంబరు, ఏ వేళల్లో: ………
ఆదివారం, సెలవు రోజుల్లో ఎవరిని అడగాలి: ………
దగ్గరి పెద్దాసుపత్రి: ………

ఇవి మామూలే, రానక్కర్లేదు
1. ఒక రోజు దాకా ఉమ్మి గులాబి రంగులో ఉండడం.
2. రెండు మూడు రోజులు వాపు ఉండడం, ఆ తర్వాత దిగడం.
3. మాత్రకు లొంగి, రోజురోజుకూ తగ్గే నొప్పి.
4. గుంత మీద తెల్లటి పొర. గీకవద్దు.

పొద్దున్నే ఫోన్ చేయండి
1. తగ్గిన నొప్పి మళ్లీ పెరిగితే, చెవిలోకి లాగితే, చెడు వాసన వస్తే.
2. మరుసటి రోజుకు కూడా పెదవి, నాలుక మొద్దుబారే ఉంటే.
3. పై పన్ను తీశాక, తాగిన నీళ్లు ముక్కులోంచి వస్తే. అడిగేదాకా ముక్కు చీదవద్దు.
4. మాత్రలు వేసుకున్నాక దద్దుర్లు, దురద వస్తే. మాత్ర ఆపి ఫోన్ చేయండి.

అదే రోజు చూపించుకోండి
1. మూడు రోజుల తర్వాత వాపు పెరుగుతుంటే, జ్వరం వస్తే, చీము కారితే.
2. రెండు వేళ్లు పట్టేంత కూడా నోరు తెరుచుకోకపోతే.
3. గుడ్డ పెట్టి అరగంట చొప్పున రెండుసార్లు కరిచిపట్టినా రక్తం ఆగకపోతే. ఇది రాత్రయినా ఆగవద్దు.

వెంటనే 108, పెద్దాసుపత్రి
1. వాపు గదవ కిందికి, మెడకు దిగితే.
2. ఉమ్మి మింగలేకపోతే, నాలుక పైకి లేస్తే.
3. ఊపిరి కష్టమైతే.
4. మాత్ర వేసుకున్నాక పెదవులు, ముఖం ఉబ్బితే.

ఫోన్‌లో చెప్పాల్సినవి: ఏ పన్ను, ఏ రోజు తీశారు, నిన్నటికంటే నొప్పి ఎక్కువా తక్కువా, జ్వరం, వాపు ఉన్నాయా, ఏ మాత్రలు వేసుకున్నారు, షుగరు, గుండె మందులు వాడుతున్నారా.

ఇంతే. ఒక పేజీ దాటదు. ఇలాంటి కాగితం ఇవ్వని చోట కూడా మనం అడిగి తెలుసుకోవచ్చు. కుర్చీలోంచి లేచేముందు, లేదా వెంట వెళ్లినవాళ్లయినా, రెండు ప్రశ్నలు వేయాలి. ‘‘డాక్టరు గారూ, ఎన్నో రోజుకు నొప్పి తగ్గాలి? తగ్గకపోతే ఆదివారమైనా ఏ నంబరుకు చేయాలి?’’ జవాబు మందుల చీటీ వెనకే రాయించుకోండి.